అక్క డెలివరీకి వెళ్లే అమ్మానాన్నలు వీసా ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది గాజువాక. అక్క డల్లాస్‌లో ఉంటుంది, నవంబరులో డెలివరీ. అమ్మానాన్నలకు వచ్చే నెల హైదరాబాద్‌లో అమెరికా విజిటర్ వీసా ఇంటర్వ్యూ ఉంది. డెలివరీ మాట ఎత్తొద్దు, ఊరికే చూసి రావడానికి అని చెప్పండి అంటున్నాడు ఫారం నింపిన ఏజెంటు. నాన్నకి ఒకటే టెన్షన్. ఏం అడుగుతారు, ఎలా చెప్పాలి?

డెలివరీకే వెళ్తున్నామని చెప్పమనండి. కూతురి పురుడుకి తల్లి వెళ్లడం దాచుకోవాల్సిన విషయం కాదు. అయినవాళ్లను చూడటానికి వెళ్లడం బీ2 అనే విజిటర్ వీసా ఇచ్చే కారణాల్లో ఒకటి. అక్కడ ఉద్యోగం చేయకూడదు, గడువు దాటి ఉండకూడదు, అంతే. మనవాళ్లకు ఇబ్బంది తెచ్చేది డెలివరీ కాదండి, ఫారంలో ఒకటీ నోట్లో ఒకటీ ఉండటం. మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది సీతమ్మధార. నాన్న పోర్టులో చేసి రిటైరయ్యారు, అమ్మ ఇల్లు చూసుకుంటుంది. చెల్లి న్యూజెర్సీలో ఉంటుంది. దానికి ఆరో నెల ఉండగా అమ్మానాన్నలకు ఇంటర్వ్యూ పడింది. మాకు ఫారం నింపిన మనిషి కూడా మీవాడి మాటే చెప్పాడు. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో ప్రయాణ కారణం అన్న చోట డెలివరీ అనో, టూర్ అనో రాసే వీలు ఉండదు, బిజినెస్ లేదా టూరిజం అన్న ఒకే వర్గం ఉంటుంది. కాబట్టి అక్కడ అబద్ధం ఏమీ లేదు. అబద్ధం మిగతా గడుల్లో చేరింది. ఎన్నాళ్లుంటారు అంటే 30 రోజులని పెట్టాడు. ఎక్కడుంటారు అంటే న్యూయార్క్‌లో ఒక హోటల్ అడ్రసు. ఖర్చు ఎవరిది అంటే సొంతం. కానీ దగ్గరి బంధువులు అమెరికాలో ఉన్నారా అన్న చోట చెల్లి పేరు ఉంది. కూతురు పక్క రాష్ట్రంలో ఉండగా నెల రోజులు హోటల్లో ఉంటారని రాసి ఉన్న కాగితాన్ని ఎవరు చదివినా ఆగి ఆలోచిస్తారు కదా. మేం మాత్రం చదవలేదు.

హైదరాబాద్ కాన్సులేట్‌లో తెలుగులో మాట్లాడొచ్చు, కాబట్టి భాష సమస్య రాలేదు. ఇద్దరినీ ఒకే విండో దగ్గరికి పిలిచారు. ఎందుకు వెళ్తున్నారు అని అడిగితే ‘అమ్మాయిని చూసి, నాలుగు ఊళ్లు తిరిగొస్తామండి’ అన్నారు నాన్న. ఎన్నాళ్లు అంటే నెల అన్నారు. అప్పుడు అధికారి అమ్మవైపు తిరిగి, మీ అమ్మాయికి పిల్లలున్నారా అని అడిగాడు. అమ్మకి అబద్ధం చెప్పడం రాదు. ‘ఇంకా లేరు బాబూ, దీపావళి నాటికి పుడతారు’ అంది. మరి నెలకే వచ్చేస్తారా అంటే, ‘బిడ్డకి మూడో నెల వచ్చేదాకా ఉండొద్దా?’ అని ఎదురడిగింది. టికెట్లు ఎవరు తీస్తున్నారు అంటే నాన్న గబుక్కున ‘మా అల్లుడు’ అన్నారు. మూడు నిమిషాలు కూడా కాలేదు. పాస్‌పోర్టులతో పాటు 214(బి) సెక్షన్ కింద వీసా ఇవ్వలేదని రాసి ఉన్న కాగితం చేతికొచ్చింది.

ఆ సెక్షన్ చెప్పేది ఇది: విజిటర్ వీసా అడిగే ప్రతివాళ్లనూ అక్కడే ఉండిపోయే ఉద్దేశంతో వస్తున్నవాళ్లుగానే చట్టం మొదట అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సిన బాధ్యత మనది. అధికారి ఫలానా మాట వల్ల ఆపానని విడమర్చి చెప్పడు. కానీ ఆ రోజు అమ్మ చెప్పిన ప్రతి మాటా నిజమే, ఆ నిజం ఫారంలో ఎక్కడా లేదు. మళ్లీ కొత్త ఫారం, మళ్లీ మనిషికి 185 డాలర్ల ఫీజు, మళ్లీ స్లాట్ కోసం ఎదురుచూపు. చెల్లి పురుడుకి అమ్మ అందుకోలేకపోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే మీ ఏజెంటు మాట వింటే నాకు మనసు ఆగలేదు.

మీరు ఇవాళే చేయాల్సింది ఒకటుంది. ఏజెంట్లు సాధారణంగా మన చేతికి బార్‌కోడ్ ఉన్న కన్ఫర్మేషన్ పేజీ ఒక్కటే ఇస్తారు. అందులో మన జవాబులు ఉండవు. ఆ పేజీ మీద AA తో మొదలయ్యే నంబరు ఉంటుంది. ceac.state.gov లోకి వెళ్లి, ఆ నంబరు, ఇంటిపేరులో మొదటి 5 అక్షరాలు, పుట్టిన సంవత్సరం, సెక్యూరిటీ ప్రశ్నకి జవాబు ఇస్తే నింపిన ఫారం మొత్తం కనబడుతుంది, ప్రింట్ తీసుకోవచ్చు. ఆ ప్రశ్నకి ఏ జవాబు పెట్టాడో ఏజెంటునే అడగండి. ఇవ్వనని సాకులు చెబితే గట్టిగా అడగండి, అది మీ అమ్మానాన్నల ఫారం. ఇద్దరికీ వేరువేరు ఫారాలు ఉంటాయి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

ముఖ్యంగా Intended Length of Stay in U.S. దగ్గర ఏముందో, ఉండే చోటుగా మీ అక్క అడ్రసు ఉందో లేదో, Person/Entity Paying for Your Trip దగ్గర ఎవరున్నారో చూడండి. ఇంతకు ముందు వీసా ఎప్పుడైనా తిరస్కరించారా, మీ తరఫున ఎవరైనా గ్రీన్‌కార్డుకి పిటిషన్ వేశారా అన్న ప్రశ్నలకు ఉన్నది ఉన్నట్టే ఉండాలి, ఆ రికార్డులు వాళ్ల దగ్గర ఉంటాయి. చివర్లో ఇంకో ప్రశ్న ఉంటుంది: Did anyone assist you in filling out this application? మా ఫారంలో ఏజెంటు దానికి లేదు అని పెట్టేశాడు, తన పేరు రాకుండా. మొత్తం నింపింది తను, సంతకం లెక్కన బాధ్యత మాత్రం నాన్నది.

తప్పులు కనబడితే సబ్మిట్ చేసిన ఫారాన్ని దిద్దడం కుదరదు, కొత్తది నింపాలి. పాతదాంట్లోంచి వివరాలు తెచ్చుకునే వీలుంది కాబట్టి అంతా మొదటినుంచి టైప్ చేయక్కర్లేదు. కొత్త నంబరు వచ్చాక అపాయింట్‌మెంట్ బుక్ చేసిన అకౌంట్లో కూడా ఆ నంబరు మార్చాలి. చాలామంది ఇది మర్చిపోతారు. అపాయింట్‌మెంట్‌లో ఉన్న నంబరూ చేతిలో ఉన్న పేజీ మీది నంబరూ ఒకటే అయి ఉండాలి. మీకు ఇంకా నెల ఉంది కాబట్టి ఆఖరి రోజుదాకా ఉంచకండి. ఏ జవాబు పెట్టాలన్నా ముందు అక్కతో ఫోన్లో మాట్లాడి నిజంగా ప్లాన్ ఏమిటో తేల్చుకోండి. నాలుగు నెలలు ఉండాలనుకుంటే నాలుగు నెలలే రాయండి. తక్కువ రాస్తే వీసా తేలిగ్గా వస్తుందని అనుకోవద్దు.

అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. ‘తెలిసి చెప్పిన అబద్ధం, అదీ వీసా నిర్ణయానికి సంబంధించినది’ అని వాళ్లు తేలిస్తే అది 214(బి) లాంటిది కాదు. 214(బి) తర్వాత మళ్లీ అప్లై చేసుకోవచ్చు. అబద్ధం అని రికార్డుకెక్కితే అమెరికా ప్రవేశానికి జీవితాంతం అనర్హత పడుతుంది. వీసా కావాలంటే అప్పుడు ప్రత్యేక మినహాయింపు తెచ్చుకోవాలి. ఏజెంటు చెప్పమన్నాడు అంటే కుదరదు.

రెండోసారి మేం ప్రిపేర్ అయింది చెబుతాను. జవాబులు బట్టీ పట్టించలేదు. ఫారం ప్రింటు డైనింగ్ టేబుల్ మీద పెట్టి, రాత్రి భోజనాలయ్యాక నేను ఒక్కో గడి చదివి తెలుగులో అర్థం చెప్పాను. ‘ఇది నిజమేనా?’ అని అడిగాను, అంతే. నాన్నతో చిక్కు వేరు. మీరేం చేసేవారు అంటే ఉద్యోగంలో చేరిన రోజు నుంచి మొదలుపెడతారు. ‘పోర్టులో పనిచేసి రిటైరయ్యానండి, పెన్షన్ వస్తుంది’ దగ్గర ఆపడం నేర్చుకోవడానికి వారం పట్టింది. అడిగినదానికి ముందు ఒక్క వాక్యం, ఇంకా అడిగితే ఇంకో వాక్యం. అమ్మకి చెప్పింది ఒకటే, తెలియకపోతే తెలియదని చెప్పు. అల్లుడి కంపెనీ పేరు, ఊరు, చెల్లి ఏ వీసా మీద ఉంది, ఇవి మాత్రం ఇద్దరికీ తెలిసి ఉండాలి. ఇవి తరచుగా అడుగుతారు.

అప్పటికి బాబుకి నాలుగో నెల. ఫారంలో నాలుగు నెలల బస, చెల్లి ఇంటి అడ్రసు, టికెట్లు అల్లుడివి, పాత తిరస్కరణ ఉంది, నింపింది నేను అని అన్నీ ఉన్నాయి. విండో దగ్గర ఇలా జరిగిందని నాన్న చెప్పారు.

‘ఎందుకు వెళ్తున్నారు?’
‘మనవడు పుట్టాడండి. చూడటానికి, అమ్మాయికి తోడుగా ఉండటానికి.’
‘ఎన్నాళ్లు?’
‘నాలుగు నెలలు.’
‘పోయినసారి వీసా ఎందుకు రాలేదు?’
‘అప్పుడు ఫారంలో నెల అనీ హోటల్ అనీ ఉంది, మేం చెప్పింది వేరు. చదవకుండా ఇచ్చాం. ఈసారి ఇంట్లోనే నింపాం.’
‘ఇక్కడ మీకు ఎవరున్నారు?’
‘మా అమ్మకి 84 ఏళ్లు, మాతోనే ఉంటుంది. ఈ నాలుగు నెలలు మా పెద్దబ్బాయి చూసుకుంటాడు.’

ఆఖరి ప్రశ్నకి ఆస్తుల లెక్క చెప్పాలని అందరూ అంటారు. మేం చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గర ఆస్తి విలువ రిపోర్టు కూడా చేయించాం, ఫైలు మందంగా తయారైంది. రెండుసార్లలో ఒక్క కాగితమూ అడగలేదు. పెన్షన్ పుస్తకం, ఇంటి పన్ను రసీదు, అక్క పాస్‌పోర్టు-వీసా కాపీలు తీసుకెళ్లండి, అడిగితేనే తీయమనండి. ఆ రిపోర్టుకి డబ్బు పెట్టక్కర్లేదని నా అభిప్రాయం. మీ నాన్నగారిని నిజంగా వెనక్కి లాగేది ఏమిటో, మీరే కావచ్చు, ఇల్లే కావచ్చు, పెన్షనే కావచ్చు, అదే ఒక్క మాటలో చెప్పమనండి.

పాస్‌పోర్టులు వాళ్ల దగ్గరే ఉంచుకుంటే సాధారణంగా వీసా వచ్చినట్టే లెక్క. ఇంకా కాగితాలో పరిశీలనో కావాలంటే 221(జి) అని స్లిప్ ఇస్తారు, అది లెక్కకి తిరస్కరణే అయినా ఆఖరి మాట కాదు, కంగారుపడి ఏజెంటు దగ్గరికి పరిగెత్తొద్దు, స్లిప్ మీద ఏం అడిగారో అది పంపండి. అన్నీ సరిగ్గా ఉన్నా కాదనే వీలు అధికారికి ఉంది, అది కూడా నాన్నకి ముందే చెప్పి ఉంచండి.

వేలిముద్రలకు ఒక అపాయింట్‌మెంట్, ఇంటర్వ్యూకి ఇంకోటి ఉంటాయి కాబట్టి రాత్రి రైలు దిగి తిన్నగా వెళ్లేలా కాకుండా ఒక రోజు ముందే హైదరాబాద్ చేరేలా చూసుకోండి. ఫోన్లు లోపలికి రానివ్వరు, కన్ఫర్మేషన్ పేజీలు కాగితం మీదే ఉండాలి. మధ్యలో అద్దం ఉంటుంది, మాట మైకులో వస్తుంది. మా నాన్నకి కాస్త వినికిడి తక్కువ, మొదటిసారి అర్థం కాని ప్రశ్నకి కూడా అవునని తలూపానని తర్వాత చెప్పారు. వినబడకపోతే ‘మళ్లీ అడగండి’ అనమని మీ నాన్నగారికి ఇంట్లోనే రెండుమూడుసార్లు అలవాటు చేయండి.