"యాక్సెప్ట్ ఆల్" అంటే కామెంట్లు కూడా పోవాలనా?

ప్రశ్న: ట్రాక్ చేసిన మార్పులు, పక్కన కామెంట్లు ఉన్న వర్డ్ ఫైలును ఒకరు అప్‌లోడ్ చేసి "యాక్సెప్ట్ ఆల్" అని మాత్రం రాశారు. ఆ బటన్ నొక్కి పంపేస్తే పని అయినట్టేనా?

జవాబు: కాకపోవచ్చు. `Accept All Changes` ట్రాక్ అయిన చేర్పులను, తొలగింపులను, ఫార్మాటింగ్ మార్పులను ఖాయం చేస్తుంది గానీ, కామెంట్లను చదవదు, అమలు చేయదు, తీసివేయదు. "ఈ పేరాను 7వ సెక్షన్‌లోకి మార్చండి" అని ఒకరు పక్కన రాసి ఉంటే, బటన్ నొక్కిన తరువాత కూడా పేరా ఉన్నచోటే ఉంటుంది. పంపినవారి ఉద్దేశం బటన్ నొక్కడమా, కామెంట్లలో కోరినవి కూడా చేయడమా, లేక కామెంట్లు లేని శుభ్రమైన ప్రతి ఇవ్వడమా అన్నది ఆ రెండు మాటలను బట్టి తేలదు.

ఒప్పందాల ముసాయిదాలను సరిచూసే పనిలో నాకు ఎదురైన ఒక ఫైలులో "బిల్లు అందిన 30 రోజుల్లోగా చెల్లించాలి" అన్న వాక్యం ఉండేది. మొదటి సమీక్షకుడు 30ని కొట్టివేసి 45 చేర్చగా, రెండవ ఆయన ఆ 45ను తీయకుండానే దాని పక్కన 60 చేర్చి, "60 అయితే మేలు, ఫైనాన్స్ వారిని అడిగి ఖాయం చేద్దాం" అని కామెంట్ పెట్టారు. అన్నీ ఒప్పుకుంటే ఆ వాక్యం "4560 రోజుల్లోగా" అవుతుంది. అంకె కాబట్టి స్పెల్లింగ్ తనిఖీ దాన్ని పట్టుకోదు. ఇద్దరు చెప్పినదీ ఒప్పుకోవడం సాధ్యం కాని చోట "అన్నీ" అన్న ఆదేశానికి అర్థమే ఉండదు. ఎవరి మాట నెగ్గాలో పంపినవారే చెప్పాలి.

ఇంకొక చిక్కు ఉంది. కామెంట్ తగిలించిన వాక్యం మొత్తం తొలగింపుగా గుర్తించి ఉంటే, ఆ తొలగింపును ఒప్పుకోగానే వాక్యంతో పాటు కామెంట్ కూడా పోతుంది. జవాబు రాని ప్రశ్న అందులో ఉంటే దాని జాడ కూడా మిగలదు. అందుకే అసలు ఫైలును తాకకుండా ఒక నకలు తీసుకుని, మొదట మార్పులన్నీ కనిపించే `All Markup` వీక్షణలో కామెంట్లన్నీ చదువుతాను. ఆ తరువాత `No Markup`కు మారితే, అన్నీ ఒప్పుకున్నాక పాఠం ఎలా ఉండబోతోందో ముందుగానే కనిపిస్తుంది. 4560 లాంటివి బయటపడేది అక్కడే. అయితే ఈ వీక్షణ మార్పులను దాచడమే తప్ప తీసివేయదు కనుక, దాన్ని చూసి ఫైలు శుభ్రమైందని అనుకోకూడదు (అలా అనుకుని పంపేసేవారు తక్కువేమీ కాదు).

"మీ ఉద్దేశం ఏమిటి?" అని పొడిగా అడిగితే "అన్నీ ఒప్పుకోండి" అనే జవాబే మళ్ళీ వస్తుంది. కాబట్టి నేను ఇలా రాస్తాను: "మార్పులన్నీ ఒప్పుకుంటాను. చెల్లింపు గడువు 45 రోజులా, 60 రోజులా? 7వ సెక్షన్‌కు మార్చమన్న పేరాను మార్చమంటారా? చివరి ప్రతిలో కామెంట్లు ఉంచాలా, తీసివేయాలా?" జవాబు వచ్చేలోగా ఫైలు పంపక తప్పకపోతే, తగాదా లేని మార్పులను మాత్రం ఒప్పుకుని, ఆ గడువు దగ్గర ట్రాకింగ్‌ను, కామెంట్లను అలాగే వదిలి, ఏవి వదిలానో మెయిల్‌లో రాసి పంపుతాను.