లీగల్ ఒపీనియన్ ప్రూఫ్: ముందు అభిప్రాయం, తరువాత అక్షరాలు

ప్రశ్న: లీగల్ ఒపీనియన్ లేఖ పంపే ముందు ప్రూఫ్ చూడమన్నారు. అక్షర దోషాలు కాక ఇంకేం చూడాలి?

నేను లేఖను మొదటి పేజీ నుంచి చదవను. ముందుగా అభిప్రాయాలు చెప్పిన పేరాలను తీసుకుని, ఒక్కొక్క అభిప్రాయం ఏ పత్రం మీద నిలబడిందో, ఆ పత్రం పరిశీలించిన పత్రాల జాబితాలో అదే పేరుతో, అదే తేదీతో ఉన్నదో లేదో చూస్తాను.

ఒకసారి అప్పు తీసుకునే కంపెనీ తరఫున అప్పిచ్చే సంస్థకు ఇవ్వవలసిన లేఖ నా దగ్గరకు వచ్చింది. జాబితాలో బోర్డు తీర్మానం తేదీ మార్చి 14 అని, అభిప్రాయంలో మార్చి 4 అని ఉంది. రుణ ఒప్పందంపై సంతకాలు జరిగింది మార్చి 10న. చూడటానికి ఒక అంకె తేడాయే అయినా, 14 నిజమైతే సంతకం చేసిన నాటికి అధికారం ఇచ్చిన తీర్మానమే లేదన్నమాట, అప్పుడు ఆ అభిప్రాయాన్ని అలాగే ఇవ్వడం కుదరదు. ఇటువంటి చోట ఊహించి అంకె దిద్దకూడదు. నకలు తెప్పించి చూస్తే, తీర్మానం 4వ తేదీదే, కంపెనీ కార్యదర్శి ఆ నకలును ధ్రువీకరించినది 14న. అందుకని జాబితాలో రెండు తేదీలనూ విడివిడిగా రాయించాము.

అదే లేఖలో అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. విచారణ లేకుండా నిజమని తీసుకున్న అంశాలలో "ఒప్పందంపై సంతకం చేసేందుకు కంపెనీ తగిన అధికారం ఇచ్చింది" అని ఉంది, అభిప్రాయంలోనూ అదే మాట ఉంది. తేల్చవలసిన విషయాన్నే ముందుగా నిజమని తీసుకుంటే ఆ అభిప్రాయానికి విలువ ఉండదు. కంపెనీ విషయంలో ఆ వాక్యాన్ని తొలగించి, ఒప్పందంలోని అవతలి పక్షానికి మాత్రమే పరిమితం చేయించాను. ఈ దోషాన్ని ఏ స్పెల్‌చెక్కూ పట్టుకోలేదు, అయినా చాలామంది స్పెల్‌చెక్‌తోనే ప్రూఫ్ ముగిసిందనుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ముగింపు పేరాను ఎక్కువమంది పాత లేఖ నుంచి తెచ్చి అతికిస్తారు. ఇక్కడా అదే జరిగింది: లేఖ అప్పిచ్చే సంస్థకు, "ఈ అభిప్రాయంపై కొనుగోలుదారు మాత్రమే ఆధారపడవచ్చును" అన్న వాక్యం మరెవరికో. అంటే లేఖ అందుకున్నవారికే దానిపై ఆధారపడే హక్కు లేకుండా పోయింది. ఆ పేరాలో ఎవరు ఆధారపడవచ్చో, ఏ చట్టానికి అభిప్రాయం పరిమితమో, ఏ తేదీ నాటి స్థితిని చెబుతున్నదో, ఆ తరువాతి మార్పులను తెలిపే బాధ్యత ఉన్నదో లేదో సరిచూడాలి. ఆ తేదీ లేఖపై ఉన్న తేదీతో సరిపోవాలి. సంతకం ఒక రోజు వాయిదా పడితే పై తేదీని మార్చి కింది తేదీని అలాగే వదిలేయడం తరచుగా జరుగుతుంది కనుక, సంతకానికి పంపే ప్రతిలో ఆ రెండింటినీ మళ్లీ పక్కపక్కన పెట్టి చూడండి.