గడువు దాటిన చెల్లింపుకు క్షమాపణ లేఖ: యూటీఆర్ నంబరు, కొత్త తేదీ ఎలా రాయాలి?

ప్రశ్న: మాది పచ్చళ్లు తయారుచేసే చిన్న సంస్థ. అట్టపెట్టెలు సరఫరా చేసేవారికి జూన్ 10న రూ. 2,36,000 చెల్లించాలి. ఆన్‌లైన్ బ్యాంకింగ్‌లో ఎంట్రీ వేశాం గానీ రెండో వ్యక్తి ఆథరైజ్ చేయలేదు, వాళ్లు ఫోన్ చేసేదాకా మాకు తెలియలేదు. ఈ రోజు లక్షన్నర పంపాం, మిగతాది వారంలో ఇస్తాం. క్షమాపణ కోరుతూ ఉత్తరం ఎలా రాయాలి?

జవాబు:

నేను అట్టపెట్టెలు తయారుచేసే ఒక యూనిట్‌లో చాలా ఏళ్లుగా వసూళ్ల లెక్కలు చూస్తున్నాను. మీరు రాయబోయే ఉత్తరం లాంటివి అందుకునే కుర్చీలో కూర్చున్నవాడిని కాబట్టి, అటువైపు మనిషికి ఏది పనికివస్తుందో చెప్పగలను. మా వంటివారికి క్రాఫ్ట్ పేపర్ రీళ్లు పంపే మిల్లులు చాలావరకు డబ్బు ముట్టాకే లోడు కదుపుతాయి. అందువల్ల మీ ఉత్తరం రాగానే మేము ముందుగా చూసేది రెండే విషయాలు: పంపామన్న డబ్బు మా ఖాతాలో ఎక్కడ వెతకాలి, మిగిలిన డబ్బును ఏ రోజు లెక్కలో వేసుకోవచ్చు. క్షమాపణ మాట తప్పక ఉండాలి, అయితే ఈ రెండింటికీ సూటిగా జవాబు ఉన్నప్పుడే ఆ మాటను నమ్మబుద్ధి అవుతుంది.

మొదట యూటీఆర్ సంగతి. డబ్బు నిజంగా బ్యాంకు దాటి వెళ్లినప్పుడు ఆ చెల్లింపుకు పడే గుర్తింపు నంబరే యూటీఆర్. ఆన్‌లైన్ బ్యాంకింగ్‌లో ఎంట్రీ వేయగానే తెరపై ఒక నంబరు కనిపిస్తుంది. అది మీ బ్యాంకు తన సౌకర్యం కోసం ఇచ్చే రిక్వెస్టు నంబరు మాత్రమే. డబ్బు ఇంకా కదలకపోయినా అది వస్తుంది. మీ విషయంలో జూన్ 10కి ముందు వేసిన ఎంట్రీకి కూడా అలాంటి నంబరు వచ్చే ఉంటుంది. ఒకసారి మా ఖాతాదారు ఒకరు ఆ నంబరునే రాసి డబ్బు పంపేశామని తెలియజేశారు. మా స్టేట్‌మెంట్‌లో ఆ నంబరు గానీ ఆ మొత్తం గానీ ఎంత వెతికినా కనబడలేదు, ఈలోగా వారికి వెళ్లవలసిన లోడును మా యజమాని ఆపించారు. చివరికి తేలినదేమిటంటే, అక్కడా మీకు జరిగినట్లే ఎంట్రీ ఆథరైజేషన్ పెండింగ్‌లో ఉండిపోయింది. వారు అబద్ధం చెప్పలేదు, కాని ఆ నంబరు వల్ల అబద్ధం చెప్పినట్లు కనబడ్డారు.

కాబట్టి మీరు ఈ రోజు పంపిన లక్షన్నరకు యూటీఆర్‌ను మీ ఖాతా స్టేట్‌మెంట్‌లో డెబిట్ పడిన వరుస నుంచే తీసుకోండి. నెఫ్ట్ అయితే అది సాధారణంగా మీ బ్యాంకు కోడ్‌లోని నాలుగు ఇంగ్లిషు అక్షరాలతో మొదలై 16 అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటుంది. కొన్ని బ్యాంకుల్లో 22 కూడా ఉంటాయి. ఆర్‌టీజీఎస్‌కు 22 ఉంటాయి, ఐఎంపీఎస్, యూపీఐలకు 12 అంకెల నంబరు వస్తుంది. చూసి టైపు చేయకుండా కాపీ చేసి అతికించండి. సున్నాకు బదులు ఇంగ్లిషు ఓ అక్షరం పడితే అవతలివారి వెతుకులాట వృథా అవుతుంది. స్క్రీన్‌షాట్ ఒక్కటే పంపి ఊరుకోవద్దు, అందులోని నంబరును మేము కాపీ చేసుకోలేము. నంబరుతోపాటు తేదీ, మొత్తం, ఏ పద్ధతిలో పంపారు, ఎవరి పేరున ఉన్న ఖాతా నుంచి పంపారు అన్నవి కూడా రాయండి. భాగస్వామి సొంత ఖాతా నుంచి వచ్చిన డబ్బు మా స్టేట్‌మెంట్‌లో ఆయన పేరుతో కనబడుతుంది గనుక, సంస్థ పేరు వెతికే గుమస్తాకు అది దొరకదు.

ఇంకొక విషయం చాలామంది వదిలేస్తారు. ఈ లక్షన్నర ఏ బిల్లుకు జమ కావాలో స్పష్టంగా రాయాలి. మీ పేరున రెండు మూడు బిల్లులు బాకీ ఉన్నప్పుడు, ఫలానా అప్పుకు ఇస్తున్నానని చెల్లించేవారు తెలియజేస్తే, ఆ డబ్బు తీసుకున్నవారు దానికే జమ చేయాలని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 59వ సెక్షన్ చెబుతోంది. మీరు ఏమీ చెప్పకపోతే, ఏ బాకీకి జమ చేసుకోవాలో ఎంచుకునే వీలు 60వ సెక్షన్ ప్రకారం వారికి ఉంటుంది. అప్పుడు గడువు దాటిన ఈ బిల్లు మీ పుస్తకంలో సగానికి పైగా తీరినట్లు, వారి పుస్తకంలో అలాగే నిలిచి ఉన్నట్లు కనబడి, రెండు నెలల తరువాత లెక్కలు సరిచూసుకునేటప్పుడు మళ్లీ తగవు వస్తుంది.

ఇక కొత్త తేదీ. "వారంలో ఇస్తాం" అని ఉత్తరంలో రాయవద్దు. నెల, తేదీ, వారం పేరు, వీలైతే ఏ వేళలోపు అన్నది కూడా రాయాలి. ఆ తేదీని నిర్ణయించే ముందు మిగిలిన 86,000 ఇప్పుడు ఎక్కడ ఉందో చూసుకోండి. మీ డిస్ట్రిబ్యూటరు నుంచి రావలసిన డబ్బుపై ఆధారపడి తేదీ ఇస్తే, అది నిజానికి ఆ డిస్ట్రిబ్యూటరు ఇచ్చిన తేదీ అవుతుంది తప్ప మీది కాదు. మొదటి గడువు పొరపాటున దాటితే ఎవరైనా అర్థం చేసుకుంటారు, రెండో గడువు కూడా దాటితే ఆ తరువాత లోడు నుంచి ముందుగా డబ్బు కట్టమనడం మా వ్యాపారంలో మామూలే. అందుకే 17న డబ్బు వస్తుందని అనుకుంటే 18 అని రాయకుండా 20 అని రాయడమే మంచిదని నా అభిప్రాయం. రెండు రోజులు ముందుగా అందితే ఎవరూ ఫిర్యాదు చేయరు.

నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు 14 నుంచి సెలవు రోజుల్లోనూ రాత్రింబగళ్లు నడుస్తున్నాయి గనుక బ్యాంకు సెలవు అన్నది ఇప్పుడు సాకు కాదు. కాని మీ దగ్గర ఎంట్రీ వేసేవారు ఒకరు, ఆథరైజ్ చేసేవారు మరొకరు. ఆ రెండో వ్యక్తి ఆ రోజు అందుబాటులో ఉంటారో లేదో కనుక్కొని గాని తేదీ ఇవ్వకండి. ఈసారి తప్పినది సరిగ్గా అక్కడే.

జాప్యానికి కారణం ఒకటి రెండు వాక్యాల్లో, జరిగింది జరిగినట్లుగా చెబితే చాలు. సర్వరు సమస్య అనో బ్యాంకు ఆలస్యం అనో రాస్తే అవతలివారు తమ బ్యాంకును అడిగి తెలుసుకోగలరు. అలాగే మునుపటి లోడులో కొన్ని పెట్టెలు తడిసి వచ్చాయన్న ఫిర్యాదు ఏదైనా ఉంటే దానిని ఈ ఉత్తరంలోకి తేవద్దు. అది న్యాయమైన ఫిర్యాదే అయినా, ఇక్కడ చూసేవారికి డబ్బు ఆపడానికి వెతికిన కారణంలా కనబడుతుంది. వేరుగా రాయండి.

మీరు చెప్పిన వివరాలతో నేనైతే ఇలా రాస్తాను. బిల్లు నంబరు, బిల్లు తేదీ, ఎంట్రీ తేదీ, యూటీఆర్, కొత్త తేదీ నమూనాగా వేసినవే, వాటి స్థానంలో మీవి పెట్టుకోండి.

విషయం: బిల్లు నం. 214 చెల్లింపులో జాప్యం. రూ. 1,50,000 పంపిన వివరం, మిగిలిన రూ. 86,000 జూన్ 20న.

అకౌంట్స్ విభాగం వారికి నమస్కారం.

మే 10 నాటి మీ బిల్లు నం. 214కు సంబంధించిన రూ. 2,36,000 జూన్ 10వ తేదీకి మీకు చేరవలసి ఉండగా మేము చెల్లించలేదు. ఇందుకు మమ్మల్ని క్షమించవలసిందిగా కోరుతున్నాము. 9వ తేదీన మా ఆఫీసులో ఆన్‌లైన్ ఎంట్రీ వేసినప్పటికీ, దానిని ఆథరైజ్ చేయకపోవడం మా పొరపాటు. మీరు ఫోన్ చేసేవరకు దానిని గమనించకపోవడం కూడా మా లోపమే.

ఈ రోజు, జూన్ 13, శుక్రవారం, మా సంస్థ పేరున ఉన్న కరెంట్ ఖాతా నుంచి మీ ఖాతాకు రూ. 1,50,000 నెఫ్ట్ ద్వారా పంపాము. యూటీఆర్ నంబరు ABCDN12345678901. దయచేసి ఈ మొత్తాన్ని బిల్లు నం. 214కే జమ చేసుకోగలరు.

మిగిలిన రూ. 86,000 జూన్ 20, శుక్రవారం మధ్యాహ్నం 1 గంటలోపు అదే ఖాతా నుంచి పంపి, దాని యూటీఆర్ నంబరును ఈ మెయిల్‌కే జవాబుగా తెలియజేస్తాము. జాప్యానికి వడ్డీ వేయదలచుకుంటే డెబిట్ నోటు పంపండి, దానిని కూడా చెల్లిస్తాము.

ఇట్లు,
(పేరు, హోదా, నేరుగా మాట్లాడగలిగే ఫోన్ నంబరు)

వడ్డీ వాక్యం గురించి కొంచెం చెప్పాలి. మీ సరఫరాదారు ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ లేదా చిన్న తయారీ సంస్థ అయితే, 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం వారికి వర్తిస్తుంది. 45 రోజుల వరకు ఎవరూ ఏమీ అనలేరని చాలామంది కొనుగోలుదారులు అనుకుంటారు, అది పొరపాటు. 45 రోజులన్నది రాతపూర్వక ఒప్పందంలో పెట్టుకోగల గరిష్ఠ గడువు. మీరు నెల గడువుకు ఒప్పుకొని ఉంటే ఆ నెల దాటిన మర్నాటి నుంచే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ లెక్కించి అడిగే హక్కు వారికి ఉంది. పది రోజుల ఆలస్యానికి ఎవరూ సాధారణంగా అడగరు. మా యూనిట్‌లోనూ పాత ఖాతాదారులను అడగము. అయినా మీ అంతట మీరే ఆ వాక్యం రాస్తే, గడువును మీరు తేలికగా తీసుకోలేదని అవతలివారికి అర్థమవుతుంది. చెల్లించే ఉద్దేశం లేకపోతే మాత్రం దానిని రాయకండి.

బాకీ మొత్తాన్ని అంకెల్లో రాయవద్దని మీకు ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. సంతకంతో బాకీని ఒప్పుకుంటే 1963 నాటి లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం దావా గడువు ఆ తేదీ నుంచి కొత్తగా మొదలవుతుందన్నది నిజమే. కాని ఏడు రోజుల్లో తీర్చబోయే, మీరు కాదనని బాకీకి ఆ భయం అనవసరం. అంకె సరైనదో కాదో మాత్రం మీ లెడ్జర్‌తో ఒకసారి సరిచూసుకోండి.

ఉత్తరం పంపే ముందు ఒక్క ఫోన్ చేయండి, మాట్లాడిన రోజే ఉత్తరం కూడా వెళ్లాలి. నెఫ్ట్‌లో పంపిన డబ్బు అరగంటకొక బ్యాచ్‌గా కదులుతుంది. ఖాతా నంబరులో తేడా వంటి కారణంతో అక్కడ జమ కాకపోతే మీ ఖాతాకే తిరిగి వస్తుంది. అందుచేత సాయంత్రం మీ స్టేట్‌మెంట్‌ను మరొకసారి తెరిచి ఆ లక్షన్నర వెనక్కి రాలేదని చూసుకోండి, అవతలివారిని కూడా జమ పడిందని ఒక మాట రాయమని అడగండి. 20వ తేదీన ఆథరైజ్ చేసిన తరువాత, స్టేట్‌మెంట్‌లో డెబిట్ కనబడ్డాకనే రెండో యూటీఆర్ పంపండి. దానితోపాటు బిల్లు నం. 214 పూర్తిగా తీరినట్లు చూపే లెడ్జర్ కాపీ పంపమని కోరండి.