టీమ్‌తో లంచ్ అయ్యాక థాంక్యూ మెయిల్ ఎలా రాయాలి?

అమెరికాలో ఆన్‌సైట్ ఇంటర్వ్యూకి పిలిచి, మధ్యలో టీమ్‌వాళ్ళు లంచ్‌కి తీసుకెళ్తే అది ఇంటర్వ్యూ కాదనుకుని చాలామంది మేనేజర్‌కి మాత్రమే మెయిల్ పెట్టి ఊరుకుంటారు. అలా చెయ్యకండి. నేనూ అలాంటి లంచ్‌లకి టీమ్ తరఫున వెళ్ళాను, తిరిగి రాగానే మా మేనేజర్ అడిగేది ఒకటే, "ఈయనతో రోజూ పనిచెయ్యగలరా?" అని.

మెయిల్ ఆ సాయంత్రమో, మర్నాడు పొద్దున్నో వెళ్ళిపోవాలి. సబ్జెక్ట్‌లో "థాంక్స్ ఫర్ లంచ్" అంటే చాలు. "రెస్పెక్టెడ్ సర్" వద్దు, హాయ్ అని మొదటి పేరు రాయండి, ఎదురుగా కూర్చుని టాకోలు తిన్న మనిషికి అంత బరువైన పిలుపు ఎబ్బెట్టుగా ఉంటుంది. అలాగని స్మైలీలు, "హే గైస్" కూడా వద్దు.

మా పిన్ని కొడుకు ఆస్టిన్‌లో ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు ముగ్గురు లంచ్‌కి తీసుకెళ్ళారు. వాడు శాకాహారి అని తెలిసి, అందులో ఒకావిడ బీన్స్ టాకో దొరికే చోటు వెతికిందట. తింటూ మాటల్లో, తమ సాఫ్ట్‌వేర్ టెస్టులు నడవడానికి 40 నిమిషాలు పడుతోందని విసుక్కుంది. వాడు ముందు నాకు చూపించిన మెయిల్‌లో "విలువైన సమయం కేటాయించినందుకు కృతజ్ఞతలు" తరహా వాక్యాలే ఉన్నాయి, ఎవరికైనా పంపొచ్చు. అవి తీసేయించాను. చివరికి ఆవిడకి వెళ్ళింది ఇంతే: నా కోసం ఆ చోటు చూసినందుకు థాంక్స్, మీరు చెప్పిన 40 నిమిషాల సంగతి దారంతా ఆలోచించాను, మా దగ్గర టెస్టుల్ని నాలుగు భాగాలు చేసి ఒకేసారి నడిపితే బాగా తగ్గింది, మీతో కలిసి పనిచెయ్యాలని ఉంది. నాలుగు లైన్లు. మిగతా ఇద్దరికీ వాళ్ళతో మాట్లాడిన విషయమే పట్టుకుని విడిగా రాశాడు.

ఈ విడిగా రాయడం ముఖ్యం. ఒకసారి ఒకే మెయిల్ పేరు మార్చి మా నలుగురికీ వచ్చింది, పక్కపక్క సీట్లలో కూర్చునేవాళ్ళం కాబట్టి ఐదు నిమిషాల్లో తెలిసిపోయింది. అడ్రస్‌లు లేకపోతే ఊహించి పంపొద్దు, రిక్రూటర్‌కి రాసి వాళ్ళకి ఫార్వర్డ్ చెయ్యమనండి. కొన్ని కంపెనీల్లో ఇంటర్వ్యూ చేసినవాళ్ళు జవాబు ఇవ్వకూడదని ఉంటుంది, కాబట్టి రిప్లై రాలేదని టెన్షన్ పడి రెండోది పంపకండి.

వీసా, జీతం, రిజల్ట్ ఎప్పుడు అన్న ప్రశ్నలు ఇందులో కలపొద్దు, అవి రిక్రూటర్‌ని అడగాల్సినవి. అలాగే లంచ్‌లో ఎవరైనా విడాకుల గురించో, ఇంట్లో అనారోగ్యం గురించో చెప్పి ఉంటే అది మెయిల్‌లోకి తేకండి, ఆ మెయిల్‌ని మేనేజర్‌కి ఫార్వర్డ్ చేసే అవకాశం ఉంది.