ఒకే బిజినెస్ ప్లాన్, చదివేవాళ్ళు నలుగురు

ప్రశ్న: సర్, ప్యాకింగ్ బాక్సులు చేసే చిన్న యూనిట్ పెడదామని ఇరవై పేజీల ప్లాన్ రాసుకున్నా. బ్యాంకులో చూపిస్తే వాయిదాలు ఎలా కడతావో కనపడట్లేదన్నారు, ఒక ఏంజెల్ ఇన్వెస్టర్ ఇది మరీ చిన్నదన్నారు, మా బావ డబ్బు పెడతా గానీ ఇదంతా నాకర్థం కాదంటున్నాడు, సబ్సిడీ కోసం వెళ్తే ఆ స్కీమ్ ఆఫీసర్ ఫార్మాట్ వేరే ఉంది. నాలుగు ప్లాన్లు రాయాలా?

జవాబు: నాలుగు ప్లాన్లు వద్దండి, లెక్కల షీటు ఒక్కటే ఉండాలి, దాని మీద నలుగురికీ ముందు పేజీలు మాత్రం వేరే రాసుకోండి. నా దగ్గరికొచ్చిన ఒకాయన బ్యాంకుకి మూడో ఏడు అమ్మకాలు ఒక అంకె రాసి, ఇన్వెస్టర్‌కి అంతకు రెట్టింపు పైనే రాశాడు. ఇన్వెస్టర్ డబ్బిచ్చే ముందు లోన్ అప్లికేషన్ కాపీ అడిగి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, మూడో ఏడు గడి మీద వేలు పెట్టి ఇందులో ఏది నిజం అన్నాడు, అంతే, మాటలు అక్కడితో ఆగిపోయాయి.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. మొత్తం ఖర్చు 100 అనుకోండి, మీది 30, లోన్ 70. ఏడాది అమ్మకాలు 150, అందులో ముడిసరుకు 100, మీ జీతంతో కలిపి జీతాలు, అద్దె, కరెంటు 22, పన్ను 1 పోతే చేతిలో మిగిలేది 27. అయిదేళ్ళ లోన్ అయితే మొదటి ఏడు అసలు 14, పది శాతం వడ్డీ 7, మొత్తం 21 కట్టాలి. 27ని 21తో భాగిస్తే 1.29 వస్తుంది, దీన్నే బ్యాంకువాళ్ళు డీఎస్‌సీఆర్ అంటారు, వాళ్ళ కళ్ళు ముందు వెతికేది ఇదే, మీ ప్లాన్‌లో మార్కెట్ గురించి ఆరు పేజీలుంటే ఈ అంకె ఎక్కడా లేకపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. అమ్మకాలతో పాటు ముడిసరుకూ తగ్గి, పన్ను పడదనుకుంటే, అమ్మకాలు 129 దాకా పడినా వాయిదా కట్టగలరు, అంటే 14 శాతం తగ్గుదల దాకానే ఓర్చుకుంటుంది, నాకైతే అది చాలదు అనిపిస్తుంది. అదే ఏడేళ్ళు అడిగితే మొదటి ఏడు కట్టేది 17, డీఎస్‌సీఆర్ 1.59, అమ్మకాలు 117కి పడ్డా బండి నడుస్తుంది. వడ్డీ మొత్తం మీద ఎక్కువ పడుతుంది, అయినా ఏడేళ్ళే అడగండి. బ్యాంకుకిచ్చే మొదటి పేజీలో ఈ లెక్క, దాని కింద అమ్మకాలు పడితే ఏమవుతుందో ఆ లెక్క, అంతే చాలు.

ఇక బావగారి సంగతి, నా దృష్టిలో అన్నిటికంటే జాగ్రత్తగా రాయాల్సింది ఇదే. మీ 30లో ఆయనది 15 అనుకుందాం. అది వాటానా, చేబదులా? చేబదులై మూడేళ్ళలో తిరిగివ్వాలంటే ఏడాదికి 5 అదనం, అయిదేళ్ళ లోన్‌తో కలిపితే 26 కట్టాలి, చేతిలో ఉన్నది 27, ఒక్క కస్టమర్ డబ్బులు ఆలస్యం చేసినా ఇంట్లో గొడవే. పైగా ఈ సొంత డబ్బు ఎక్కడిది అని బ్యాంకు అడుగుతుంది, అప్పని తేలితే మీ వాటా 30 కాదు 15 అంటారు. వాటా అయితే సగం ఆయనది, మరి రోజంతా యూనిట్‌లో ఉండేది మీరు, అందుకే మీ జీతం లాభం పంచకముందే పోతుందని ముందే రాయాలి. ఆయనకి ఒక్క పేజీ, మామూలు మాటల్లో: ఎంత పెడుతున్నాడు, మొదటి డబ్బు ఎప్పుడు చూస్తాడు, మధ్యలో బయటికి వెళ్తానంటే ఎలా లెక్క కడతారు, బ్యాంకులో గ్యారంటీ సంతకం పెడితే మీరు కట్టకపోతే ఆయన్నే అడుగుతారన్న మాట కూడా దాచకుండా రాయండి. ఆ పేజీ ఇచ్చేసి రాకండి, పక్కన కూర్చుని చదివి వినిపించండి.

ఏంజెల్ ఇన్వెస్టర్ చెప్పింది తప్పేం కాదు. మీ మెషిన్లు 60 శాతం కెపాసిటీలో 150 అమ్మకాలు ఇస్తున్నాయంటే నూటికి నూరు నడిపినా 250 దాటదు, ఆయనకి కావాల్సింది పెట్టిన దానికి చాలా రెట్లు, అది కూడా కొన్నేళ్ళకి వాటా అమ్ముకుని బయటపడే దారి. ఆయన కోసం అంకెలు పెంచి రాయొద్దు, ఈ యూనిట్‌కి ఆ తలుపు వదిలేయడమే మంచిది.

స్కీమ్ ఆఫీసర్ మీ లాభం కన్నా ముందు అర్హత చూస్తారు: ఎవరు పెడుతున్నారు, ఎంతమందికి పని దొరుకుతుంది, సొంత వాటా ఎంత శాతం, కొటేషన్లలో ఉన్న మొత్తం, ప్రాజెక్ట్ ఖర్చుతో సరిపోతోందా. ఫార్మాట్ ఆయనదే వాడండి, అంకెలు మీ షీటులోవే, ఎందుకంటే చాలా స్కీముల్లో అదే ఫైలు తర్వాత బ్యాంకుకే వెళ్తుంది. సబ్సిడీ 20 వస్తుందని మొదటి రోజు డబ్బుల్లో కలిపేయకండి, చాలాచోట్ల అది యూనిట్ మొదలయ్యాకే చేతికొస్తుంది, అప్పటిదాకా ఆ 20 లోటు ఎవరు పూడుస్తారు?

ముందు బావతో ఆ పేజీ మీద సంతకాలు అవనివ్వండి, ఆ 15 ఏంటో తేలకుండా మిగతా కాగితాల్లో ఏ అంకే నిలవదు. తర్వాత స్కీమ్ ఆఫీసు, ఆ తర్వాత బ్యాంకు. మెషిన్ వాళ్ళు రేటు పెరుగుతుందని తొందరపెట్టినా అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి, శాంక్షన్‌కి ముందే కొన్నదానికి సబ్సిడీ ఇవ్వని స్కీములు చాలా ఉన్నాయి, ఆ తేదీ రూల్ ఆఫీసర్‌ని మొదటి రోజే అడిగేయండి.