ఏ జంతువుకు ఏ క్రియ?

“పిల్లల కథలో ఏనుగు గర్జించింది, ఎద్దు మొరిగింది, మేక అరిచింది అని రాశాను. సరైనవేనా?”

గర్జన సింహానిది కనుక ఏనుగు ఘీంకరించింది అని మార్చండి. పులి ఉంటే గాండ్రించింది అనాలి. మొరగడం కుక్కకే చెల్లుతుంది, అయితే అదే కుక్క రాత్రివేళ గొంతు సాగదీసి అరిస్తే, నక్కకు వాడినట్లే, ఊళ వేసింది అంటాము.

ఎద్దు విషయంలో కొంత జాగ్రత్త అవసరం. పోట్లాటకు దిగిన ఆబోతు అయితే రంకె వేస్తుంది. దూడ కోసం పిలిచే ఆవుకు ఆ మాట నప్పదు, అది అంబా అని అరుస్తుంది. గుర్రం సకిలిస్తుంది, గాడిద ఓండ్ర పెడుతుంది, పాము బుసకొడుతుంది. రంకె, ఓండ్ర, బుస అనే నామాలకు వేయు, పెట్టు, కొట్టు అనే క్రియలు స్థిరపడిపోయాయి కనుక వాటిని తారుమారు చేయకండి.

మేకకు వాడుకలో ప్రత్యేక క్రియ లేదు. మీరు రాసినది తప్పు కాదు, “మే మే అని అరిచింది” అంటే చాలు.