పాన్-ఆధార్ లింక్: పేరు దగ్గర వచ్చే చిక్కు

“పాన్‌ను ఆధార్‌తో లింక్ చేస్తుంటే పేరు సరిపోలేదని వస్తోంది. రెండింట్లోనూ నా పేరే ఉంది కదా, ఎందుకు?”

మనవాళ్లకు ఎక్కువగా ఇంటిపేరు దగ్గరే తేడా వస్తుంది. పాన్ దరఖాస్తులో ఇంటిపేరును ఒక్క అక్షరంగా రాయనివ్వరు, పూర్తిగా రాయాలి. ఆధార్‌లో మాత్రం చాలామందికి K. Lakshmi అనే ఉంటుంది. పాన్‌లో Lakshmi Kondapalli అని ఉంటే, ఆ K అంటే కొండపల్లి అని కంప్యూటర్‌కు తెలియదు. Laxmi అని రాసి ఉన్నా ఇదే గొడవ. పుట్టిన తేదీ కూడా కలవాలి.

రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. పాన్‌లో స్పెల్లింగు సరిగ్గానే ఉంటే ఆధార్‌లోనే ఇంటిపేరు పూర్తిగా రాయించండి. అయితే ఆధార్‌లో పేరు మార్పుకు రెండే అవకాశాలు. అందుకని సెంటర్‌లో ఆపరేటర్ టైప్ చేసింది స్క్రీన్ మీద మీరే చదివి, ఆ తర్వాతే సరేననండి.